బి, డి తారుమారైతే

బరంపురం, గంజాం ప్రాంతాల తెలుగు బడుల్లో పిల్లలకు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు లిపులూ అలవడాలి. తెలుగు, ఒడియా అక్షరాలను అద్దంలో చూసినట్టు తిప్పితే సాధారణంగా మరో అక్షరం రాదు. ఇంగ్లీషు చిన్న బి మాత్రం తిరగేస్తే డి అయిపోతుంది. గిన్నెను ఎటు తిప్పినా గిన్నే అనుకునే వయసుకు ఇది కొత్త.

రెండో తరగతి పాప ‘బ్యాగ్’ రాయబోయి డితో మొదలుపెట్టిందనుకుందాం. రెండక్షరాలూ పక్కపక్కనే పెట్టి రాయిస్తే తికమక పెరుగుతుంది. అందుకే మేం వారం పాటు బి ఒక్కటే తీసుకుంటాం. పళ్లెంలో పలుచగా ఇసుక గాని బొంబాయి రవ్వ గాని పరిచి, ‘ముందు కర్ర, తర్వాత బొజ్జ’ అని పలికిస్తూ చూపుడువేలితో రాయిస్తాం. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరం మీద కళ్లు మూయించి వేలు నడిపిస్తాం. బి కుదిరాకే డి. దానికి ‘ముందు బొజ్జ, తర్వాత కర్ర’. కన్ను పొరబడినా చేతికి ఆ వరుస గుర్తుంటుంది.

రాస్తూ సందేహం వస్తే రెండు పిడికిళ్లూ వేళ్ల కణుపులు తగిలేలా ఎదురెదురుగా ఆనించి, బొటనవేళ్లు నిలబెట్టమంటాం. ఎడమది బి, కుడిది డి. మధ్యలో ‘ఇ’ ఉందనుకుంటే ‘బెడ్’. ఆ మాట స్పెల్లింగు రాని పిల్లలకు ఈ కిటుకు పనికిరాదు.

చూసి రాయడం వస్తే చాలదు. రెండక్షరాలూ కలగలిసిన పది మాటలు చెప్పి రాయించండి, కుదిరిందో లేదో తెలుస్తుంది. ఏడేళ్ల లోపు ఈ తికమక మామూలే. ఎనిమిది దాటినా పోకుండా, చదవడమూ కష్టమవుతుంటే నిపుణులకు చూపించాలి.