థర్మామీటరు లెక్కపెట్టే అణువులు

రంగూ వాసనా లేని, కాస్త చిక్కగా జారే ద్రవం ఒక సీసాలో ఉంది. మీద చీటీ లేదు. అది ఇథిలీన్ గ్లైకాల్ కావచ్చు, ప్రొపిలీన్ గ్లైకాల్ కావచ్చు. రెండూ నీళ్లలో ఎంతైనా కలిసిపోతాయి. రెండింటినీ ఇంజన్ కూలంట్లలో వాడతారు. కంటికి రెండూ ఒకటే. అయితే మొదటిది మూత్రపిండాలను పాడుచేసే విషం, రెండోదాన్ని ఆహార పదార్థాల్లో కూడా పరిమితంగా వాడతారు. రెంటికీ తియ్యదనం ఉంది కాబట్టి రుచి చూసి తేల్చుకోవాలనుకోవడం ప్రాణాపాయం. ఒక త్రాసు, కొంచెం మంచు, డిగ్రీలో పదోవంతు కంటే సన్నగా చదవగలిగే థర్మామీటరు ఉంటే ఈ రెండింటినీ విడదీయవచ్చు. ఆ కొలత ఎలా పనిచేస్తుందో అర్థమైతే, అదే ద్రవం లదాఖ్ చలిలో బండి రేడియేటర్‌ను ఎలా కాపాడుతుందో కూడా అర్థమవుతుంది. రెండుచోట్లా జరుగుతున్నది ఒకటే: నీళ్లలో కలిసిన అణువులు ఎలాంటివన్నది కాదు, ఎన్ని ఉన్నాయన్నదే గడ్డకట్టే ఉష్ణోగ్రతను నిర్ణయిస్తుంది.

సున్నా డిగ్రీల దగ్గర మంచుగడ్డ నీళ్లలో తేలుతున్నప్పుడు పైకి ఏమీ మారనట్టే ఉంటుంది. నిజానికి ప్రతి క్షణమూ కొన్ని నీటి అణువులు మంచులోంచి ఊడి నీళ్లలోకి వస్తుంటాయి, అన్నే అణువులు నీళ్లలోంచి వెళ్లి మంచుకు అతుక్కుంటుంటాయి. రాకపోకలు సమానమైన ఉష్ణోగ్రతే గడ్డకట్టే స్థానం. ఇప్పుడు నీళ్లలో చక్కెర కలిపామనుకుందాం. మంచు తన స్ఫటికంలోకి చక్కెరను రానివ్వదు, కాబట్టి మంచు వైపు ఏ మార్పూ లేదు. ద్రవం వైపు మాత్రం మంచు అంచును తాకే అణువుల్లో కొన్ని ఇప్పుడు నీటివి కావు. మంచులోకి చేరేవి తగ్గాయి, బయటికి వచ్చేవి తగ్గలేదు. అందుకే సున్నా దగ్గర మంచు కరిగిపోతుంది. రాకపోకలు మళ్లీ సమానం కావాలంటే ఇంకా చల్లబరచాలి. ఇంటర్మీడియట్ పుస్తకాలు ‘ఘనీభవన స్థాన నిమ్నత’ అని పిలిచేది ఈ తగ్గుదలనే. చోటు ఆక్రమించింది చక్కెరా, యూరియానా అన్న తేడా ఈ వాదనలో ఎక్కడా రాలేదని గమనించాలి.

ఈ మాట ఊహ దగ్గర ఆగిపోలేదు, కొలతల్లో తేలింది. ఉప్పు ఎంత ఎక్కువ కలిపితే గడ్డకట్టే స్థానం అంత దిగుతుందని చార్లెస్ బ్లాగ్డెన్ 1788లోనే చూపించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లకు, గ్రెనోబుల్‌లో ఫ్రాన్స్వా రౌల్ట్ ఎన్నో కర్బన పదార్థాలను నీళ్లలో కరిగించి కొలిచాడు. గ్రాముల్లో చూస్తే ఆ అంకెల్లో పొంతన లేదు. ఒక్కో పదార్థాన్ని దాని మోలార్ ద్రవ్యరాశితో, అంటే ఒక మోల్ అణువుల బరువుతో సరిచేసి చూస్తే తగ్గుదల దాదాపు ఒకటే వచ్చింది. కిలో నీళ్లలో 60 గ్రాముల యూరియా వేసినా, 342 గ్రాముల చక్కెర వేసినా ఉష్ణోగ్రత 1.86 డిగ్రీలు దిగుతుంది, ఎందుకంటే రెండింటిలోనూ ఉన్నది ఒక్కొక్క మోలే. 1.86 అనేది నీటి సొంత అంకె. మంచు ఎంత వేడికి కరుగుతుంది, కరగడానికి ఎంత శక్తి తీసుకుంటుంది అన్న రెండు విషయాల నుంచే దాన్ని లెక్కకట్టవచ్చు. బెంజీన్‌కు అదే అంకె 5.12. ఈ సూత్రాన్ని తిరగేస్తే బరువు తెలియని అణువును తూచే త్రాసు అవుతుంది. ఎన్ని గ్రాములు వేశామో మనకు తెలుసు, ఎన్ని మోల్‌లు పడ్డాయో థర్మామీటరు చెబుతుంది. గ్రాములను మోల్‌లతో భాగిస్తే మోలార్ ద్రవ్యరాశి వచ్చేస్తుంది.

చీటీ లేని సీసా దగ్గరికి వెళదాం. 100 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో ఆ ద్రవాన్ని 5 గ్రాములు కలిపి, ఉప్పు కలిపిన మంచుముక్కల మధ్య పెట్టి, కలుపుతూ చల్లబరిచామనుకుందాం. వట్టి నీళ్లు ఇదే థర్మామీటరు మీద ఎక్కడ గడ్డకట్టాయో ముందే చూసి పెట్టుకోవాలి, ఎందుకంటే థర్మామీటరు సున్నా అన్నచోట నిజంగా సున్నా ఉండకపోవచ్చు. మనకు కావలసింది రెండు రీడింగుల మధ్య తేడా మాత్రమే. ఆ తేడా 1.50 డిగ్రీలు వచ్చిందనుకుంటే, దాన్ని 1.86తో భాగిస్తే కిలో నీళ్లకు 0.806 మోల్ అని తేలుతుంది. మనం తీసుకున్నది కిలోలో పదోవంతు నీళ్లు కాబట్టి అందులో ఉన్నది 0.0806 మోల్. 5 గ్రాములను దానితో భాగిస్తే 62 వస్తుంది. ఇథిలీన్ గ్లైకాల్ మోలార్ ద్రవ్యరాశి 62.07, ప్రొపిలీన్ గ్లైకాల్‌ది 76.1. సీసాలో ఉన్నది రెండోదే అయితే తగ్గుదల 1.22 డిగ్రీల దగ్గరే ఆగేది. రీడింగులో 0.1 డిగ్రీ పొరపాటు జరిగినా జవాబు 58కీ 66కీ మధ్యే తిరుగుతుంది, 76 దాకా పోదు. కాబట్టి సీసాలో ఉన్నది విషమే.

అయితే ఆ 1.50ని సరిగ్గా చదవడమే ఇందులో కష్టమైన పని. మెల్లగా చల్లారే ద్రవం గడ్డకట్టే స్థానం దగ్గర బుద్ధిగా ఆగదు. స్ఫటికం మొదలయ్యే చోటు దొరక్క, ద్రవంగానే ఉంటూ ఒకటి రెండు డిగ్రీలు ఇంకా కిందికి జారుతుంది. తర్వాత ఒక్కసారిగా మంచు పుట్టి, అది విడిచిన వేడితో ఉష్ణోగ్రత పైకి ఎగురుతుంది. వట్టి నీళ్లయితే అలా ఎగిరి, అంతా గట్టిపడేదాకా ఒకేచోట నిలబడతాయి కాబట్టి చదవడం సులభం. ద్రావణం నిలబడదు. విడిపోయేది వట్టి నీటి మంచే కాబట్టి మిగిలిన ద్రవంలో గ్లైకాల్ పాలు పెరుగుతూ పోతుంది, దాంతో గడ్డకట్టే స్థానం కూడా దిగుతూనే ఉంటుంది. అందుకే నిమిషం నిమిషానికీ రీడింగులు రాసి గ్రాఫు గీసి, ఆ ఏటవాలు గీతను వెనక్కి పొడిగించి, మొదటి మంచు పుట్టాల్సిన చోటును పట్టుకోవాలి. అలా చేయకుండా ఎగిరిన తర్వాతి రీడింగునే నమ్మితే తగ్గుదల ఎక్కువగానూ, మోలార్ ద్రవ్యరాశి తక్కువగానూ వస్తాయి. ముందే ఒక చిన్న మంచు రవ్వ వేసి, ఆపకుండా కలుపుతుంటే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది. ఈ ఏటవాలు గీతను గుర్తుంచుకోవాలి, రేడియేటర్ దగ్గర మళ్లీ వస్తుంది.

సంఖ్య ఒక్కటే ముఖ్యమైతే అయిదు గ్రాముల మామూలు ఉప్పు దాదాపు 3 డిగ్రీలు ఎందుకు దింపుతుందని ఎవరైనా అడగవచ్చు. లెక్క ప్రకారం ఉప్పు మోలార్ ద్రవ్యరాశి 31 రావాలి, కాని అసలు విలువ 58.5. ఇది సూత్రానికి విరుద్ధం కాదు, సాక్ష్యమే. నీళ్లలో ఉప్పు సోడియం, క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది, ఒక్కటి వేస్తే రెండు కణాలు అవుతాయి. స్వాంటె అరీనియస్ 1887లో అయాన్ల సిద్ధాంతాన్ని నిలబెట్టినప్పుడు ఆధారపడిన సాక్ష్యాల్లో ఇదొకటి. ఎదురు తప్పు కూడా ఉంది. బెంజీన్‌లో ఎసిటిక్ ఆమ్లం అణువులు రెండేసి జంటకడతాయి కాబట్టి మోలార్ ద్రవ్యరాశి 60కి బదులు 120 దగ్గర కనిపిస్తుంది. అసలు పరిమితి ఇంకోటి. థర్మామీటరు అణువులను లెక్కపెడుతుంది, వాటి పేరు చెప్పదు. యూరియా మోలార్ ద్రవ్యరాశి 60, గ్లైకాల్‌ది 62. ఆ రెండింటి మధ్య తేడా మన ప్రయోగంలో 0.05 డిగ్రీలే. సీసాలో ఉన్నది రెండు గ్లైకాల్‌లలో ఒకటని ముందే తెలుసు కాబట్టే మన జవాబు నిలిచింది.

ఇక బండి సంగతి. నీళ్లు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం పెరుగుతాయి. ఇంజన్ బ్లాకు గోడల మధ్య, రేడియేటర్ సన్నటి గొట్టాల్లో ఆ పెరుగుదలకు చోటు లేక లోహం చిట్లుతుంది. లేహ్‌లో జనవరి రాత్రి సున్నాకు 20 డిగ్రీలు కిందికి పోతుందనుకుని లెక్క వేద్దాం. 20ని 1.86తో భాగిస్తే కిలో నీళ్లకు 10.75 మోల్‌ల గ్లైకాల్ కావాలి. అంటే 667 గ్రాములు, కొలపాత్రలో చూస్తే లీటరు నీళ్లకు 600 మిల్లీలీటర్లు. ఇంత చిక్కటి ద్రావణానికి ఈ సూత్రం పనికిరాదని రసాయనశాస్త్రం చదివినవారు ఆక్షేపిస్తారు, అది న్యాయమైన ఆక్షేపణే. పలచటి ద్రావణాల కోసం పుట్టిన సూత్రమిది. చిక్కబడ్డాక గ్లైకాల్, నీరు ఒకదాన్నొకటి పట్టుకునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. సగం సగం కలిపితే సూత్రం మైనస్ 33 అంటుంది, నిజానికి మైనస్ 37 దగ్గర మంచు కడుతుంది. తేడా ఉంది, కాని దారి తప్పించేంత కాదు. నీళ్లు పూర్తిగా మానేస్తే మాత్రం సూత్రం కుప్పకూలుతుంది. వట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. గ్లైకాల్ మూడింట రెండు వంతులు దాటాక ముందు గట్టిపడేది నీరు కాదు, గ్లైకాలే. అక్కడినుంచి దానిలో అణువులు కలిపి గడ్డకట్టే స్థానాన్ని దించుతున్నది నీరన్నమాట. మంచి కూలంట్ కదా అని నీళ్లు కలపకుండా పోసినవారి బండి సగం సగం కలిపినవారి బండి కంటే ముందే ఇబ్బందిపడేది ఇందుకే. పైగా వేడిని మోసుకెళ్లడంలో గ్లైకాల్ నీళ్లకు సాటిరాదు.

రాత్రి చలి మైనస్ 20తో ఆగకుండా మైనస్ 25కు పోతే బ్లాకు పగిలిపోతుందా? ఇక్కడే ఆ ఏటవాలు గీత ఆదుకుంటుంది. మైనస్ 25 దగ్గర ద్రవంగా ఉండాలంటే కిలో నీళ్లకు 13.4 మోల్‌లు కావాలి. మనం వేసిన 10.75 మోల్‌లు 800 గ్రాముల నీళ్లను మాత్రమే ద్రవంగా పట్టి ఉంచగలవు. అంటే కిలోలో అయిదోవంతు మంచుగా విడిపోతుంది, మిగతాది ఇంకా చిక్కబడి పారుతూనే ఉంటుంది. ఏర్పడేది గట్టి దిమ్మ కాదు, మంచు రవ్వలు తేలే మెత్తటి జావ. పెరిగిన పరిమాణం కదిలే ద్రవాన్ని నెట్టుకుని చోటు చేసుకుంటుంది. అలాంటి స్థితిలో పంపు సరిగ్గా తిప్పలేదు కాబట్టి ఇంజన్ స్టార్టు చేయడం మంచిది కాదు, లోహం మాత్రం చాలావరకు క్షేమం. వట్టి నీళ్లయితే సున్నాకు ఒక్క డిగ్రీ కిందే మొత్తం రాయి అయిపోయేవి. ప్రయోగశాలలో గడ్డకట్టే స్థానాన్ని సరిగ్గా చదవనివ్వని గుణమే ఇక్కడ బ్లాకును కాపాడుతోంది.

లెక్కకు కణాలే ముఖ్యమైతే చవకైన ఉప్పు పోయవచ్చు కదా అంటే, క్లోరైడ్ అయాన్లు అల్యూమినియాన్ని, ఇనుమును తినేస్తాయి. మోల్‌కు 32 గ్రాములే తూగే మెథనాల్ గ్రాముకు దాదాపు రెట్టింపు అణువులను ఇస్తుంది, కాని 65 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. గ్లైకాల్ మరగడానికి 197 డిగ్రీలు కావాలి కాబట్టి లోపలే నిలిచి, సగం సగం మిశ్రమం మరిగే స్థానాన్ని కూడా 107 డిగ్రీల దాకా పెంచుతుంది. మంచు ఎరగని విజయవాడలో కూలంట్ పోయడానికి ఒక కారణం ఇది, తుప్పు పట్టనివ్వని మందులు అందులో కలిసి ఉండడం మరొకటి. అయితే మన వేసవిలో మట్టం తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లు పోసే అలవాటు ఈ లెక్కను పాడుచేస్తుంది. ఆరు లీటర్ల వ్యవస్థలో సగం సగం మిశ్రమం రెండు లీటర్లు కారిపోయి, ఆ చోట నీళ్లు చేరాయనుకుందాం. ఇప్పుడు రెండు లీటర్ల గ్లైకాల్, నాలుగు లీటర్ల నీళ్లు ఉన్నాయి. కిలో నీళ్లకు 9 మోల్‌లే మిగిలాయి. మైనస్ 37 దాకా తట్టుకున్న బండి ఇప్పుడు మైనస్ 17 దగ్గరే మంచు రవ్వలు కడుతుంది. పచ్చరంగు కొంచెం వెలిసిందే తప్ప కంటికి తేడా తెలియదు. ఉత్తరాదికి సరుకు తీసుకుని చలికాలంలో బయల్దేరే లారీకి, బయల్దేరేముందే వక్రీభవన మాపకం అద్దం మీద ఒక చుక్క కూలంట్ వేసి చూస్తే, మిగిలిన గ్లైకాల్ ఎంతో అర నిమిషంలో తెలుస్తుంది.