ఆ ఫోను ఎవరికి వస్తుంది?

పనమ్మాయి రాలేని రోజు ఆ మాట చెప్పడానికి ఎవరికి ఫోన్ చేస్తుంది? పిల్లల బడి వాట్సాప్ గ్రూపులో ఉన్నది ఎవరి నంబరు? గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు గేటు దగ్గర నిలబడి ఎవరిని పిలుస్తాడు? భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో పని ఎలా పంచుకున్నారో తెలియాలంటే ముందు ఈ మూడూ అడగాలి. మూడింటికీ ఆమే జవాబైతే, ఆయన రోజూ బట్టలు ఆరేస్తున్నా సరే, ఇల్లు ఇంకా ఆమె నెత్తిమీదే ఉన్నట్టు.

జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. చేతులతో చేసే పని ఇలా నిమిషాల్లో తేలుతుంది. తలలో నడిచే పనిని కొలవడం కష్టం. సోమవారం పొద్దున ఇడ్లీ కావాలంటే ఆదివారం మధ్యాహ్నమే మినప్పప్పు నానాలి. నాలుగైదు గంటలు నానాక రుబ్బి, రవ్వ కలిపి, రాత్రంతా పులవనివ్వాలి. డబ్బాలో పప్పుందో లేదో శనివారమే చూసుకోవాలి. పొద్దున ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి దించేది ఆయనే కావచ్చు, అది పావుగంట పని. దాని వెనక మూడు రోజుల ధ్యాస మాత్రం ఆమెది.

మా ఇంట్లో ఆదివారం సాయంత్రం టీ అయ్యాక ఇరవై నిమిషాలు కూర్చునేది ఈ ధ్యాసను పంచుకోవడానికే. నాది బ్యాంకు ఉద్యోగం, ఆయనది సాఫ్ట్‌వేర్, పాప మూడో తరగతి. మొదట్లో పనుల పేర్లు రాసి చెరో అయిదు తీసుకున్నాం. కరెంటు బిల్లు, కారు కడగడం, మంచినీళ్ల క్యాను, గ్యాస్, సరుకులు ఆయనకు. టిఫిను, పాప బాక్సు, రాత్రి వంట, హోంవర్కు, యూనిఫాం నాకు. కాగితం మీద సమానమే. రెండు వారాలు తిరగకముందే తేడా తెలిసింది. కరెంటు బిల్లు నెలకోసారి, ఫోనులో అయిదు నిమిషాలు. కారు ఈ వారం కాకపోతే వచ్చే వారం. నావన్నీ గడియారానికి కట్టేసిన పనులు, 7:40కి బడి బస్సు ఎవరి కోసమూ ఆగదు.

అందుకే ఇప్పుడు వాయిదా పడని పనులనే ముందు పంచుకుంటాం. బాక్సు మొత్తం ఆయన తీసుకున్నారు. మొత్తం అంటే ఏ కూరో ఆలోచించడం, కొనడం, రాత్రే తరిగి పెట్టుకోవడం, సాయంత్రం ఖాళీ బాక్సు తెరిచి పాప ఏం వదిలేసిందో చూడటం కూడా. ఒక కూర, ఒక పండు ఉండాలని ముందే అనుకున్నాం, ఆ తర్వాత నా మాట అక్కర్లేదు. రెండో వారం బుధవారం ఇంట్లో ఒక్క కూరగాయ లేదు. నాకు మంగళవారమే తెలుసు, చెప్పలేదు. చెప్పకుండా ఉండటం చాలా కష్టమైంది. పాప పెరుగన్నం, అరటిపండు పట్టుకెళ్లింది. ఆ మరుసటి ఆదివారం నుంచి కూరగాయల చీటీ ఆయనే రాస్తున్నారు.

ఈ కూర్చోవడం చెడిపోయేది ఎక్కువగా పంచాయితీగా మారినప్పుడు. జారిపోయిన పని గురించి మేం ఒకటే అడుగుతాం: గుర్తులేకా, టైము చాలకా, ఎలా చేయాలో తెలియకా? గుర్తులేకపోతే ఫోనులో అలారం చాలు. టైము చాలకపోతే పని చేతులు మారాలి. తెలియకపోతే ఒక్కసారి పక్కన నిలబడి చూపించాలి. పాత లెక్కలు ఎత్తితే లేచిపోతాం. ఇంకోటి, పెన్ను ఎప్పుడూ నా చేతిలోనే ఉంటే నేను సూపర్‌వైజరు అయిపోతాను, ఆయన నాకు సాయం చేసేవారవుతారు. అందుకని వారం విడిచి వారం ఆయన రాస్తారు.

ఏ వారమూ సరిగ్గా సగం సగం కాదు. మార్చి నెలాఖరులో బ్యాంకులో లెక్కలు మూసేటప్పుడు నేను ఇంటికొచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది, అప్పుడు వంట కూడా ఆయనదే. ఆయన ప్రాజెక్టు రిలీజు వారంలో బాక్సు నా వైపు వస్తుంది. ఎవరికి ఏ వారం బరువో ఆదివారమే తెలిస్తే గురువారం రాత్రి గొడవ ఉండదు. మా అత్తగారు వచ్చినప్పుడు, "నీకెందుకురా ఈ వంటింటి పని" అంటూ ఆయన చేతిలోంచి కత్తి తీసుకునేవారు. అప్పుడు నేను మాట్లాడితే తగువే. "పాప బాక్సు నా పనమ్మా" అని ఆయనే అన్నారు, రెండు మూడు సార్లు అనాల్సి వచ్చింది.

పనమ్మాయికీ, గ్యాస్ ఏజెన్సీకీ ఆయన నంబరు ఇచ్చాం. బడి ఫారంలో కూడా మొదటి నంబరు ఆయనదే రాశాం. అయినా పాపకు జ్వరమొస్తే వాళ్లు ఇప్పటికీ నాకే చేస్తారు. కౌంటరు దగ్గర జనం ఉండగా ఫోనెత్తి, "వాళ్ల నాన్నగారికి చేయండి మేడం, ఈ వారం ఆయనే వస్తారు" అని నంబరు మళ్లీ చెబుతాను.