‘ఈ రోజే’ అంటే.. అనుమానించాల్సిందే!

ఖాతా నిలిపేస్తామంటూ సెల్‌ఫోన్లకు సందేశాలు
అసలుదో నకిలీదో తేల్చుకునేది ఇలా..

బళ్లారి: శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటింది. కౌల్‌బజారులో జీన్స్ ప్యాంట్లు కుట్టించే ఓ చిన్న యూనిట్ యజమాని సెల్‌ఫోన్ మోగింది. తెరిచి చూస్తే ఇంగ్లిషులో సందేశం. ‘మీ పాన్ వివరాలు నమోదు కాలేదు. మీ బ్యాంకు ఖాతాను ఈ రోజే నిలిపేస్తాం. వెంటనే కింది లింకు నొక్కి సరిచేసుకోండి’ అన్నది దాని సారాంశం.

ఆయనకు గుండె ఆగినంత పనైంది. తెల్లవారితే శనివారం. పన్నెండు మంది పనివాళ్లకు వారం కూలి ఇవ్వాలి. ఆ డబ్బంతా ఆ ఖాతాలోనే ఉంది. ఖాతా చూస్తే సొంతూరు గుంతకల్లు శాఖలో తెరిచింది. ఇప్పుడు బయల్దేరినా అక్కడికి చేరేసరికి బ్యాంకు మూసేస్తారు. లింకు ఒక్కటే దారి అనిపించింది. నొక్కేశారు.

లింకు నుంచి .apk అని ఉన్న ఫైలు దిగింది. తెలియని చోటి నుంచి వచ్చిన యాప్ అని ఫోన్ హెచ్చరించినా సరేనన్నారు. సందేశాలు చదివేందుకు అది అనుమతి అడిగితే అదీ ఇచ్చారు. బ్యాంకు గుర్తుతో ఓ పేజీ వచ్చింది. అందులో డెబిట్ కార్డు నంబరు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు నింపారు. పది నిమిషాల్లో రూ.25 వేలు ఒకసారి, రూ.24 వేలు మరోసారి పోయాయి.

‘ఓటీపీ ఎవరికీ చెప్పలేదే!’ అన్నది ఆయన ఆశ్చర్యం. చెప్పాల్సిన అవసరమే రాలేదు. సందేశాలు చదివే అనుమతి దొరికిన యాప్ ఓటీపీని నేరుగా మోసగాడికి చేరవేసింది.

కేవైసీకి ఒక్కరోజు గడువు ఉండదు

బ్యాంకులు కేవైసీ గురించి సందేశాలు పంపడం నిజమే. అందుకే ఇలాంటివి నమ్మబుద్ధేస్తాయి. కానీ అసలు పద్ధతి వేరు. రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో సవరించిన నిబంధనల ప్రకారం, కేవైసీ గడువు ముగిసేలోగా బ్యాంకు కనీసం మూడుసార్లు ముందస్తుగా తెలియజేయాలి. అందులో ఒకటైనా తపాలా ఉత్తరం కావాలి. గడువు దాటాక కూడా మరో మూడుసార్లు గుర్తు చేయాలి. వాటిలోనూ ఒక ఉత్తరం ఉండాలి.

రిస్కు తక్కువ అని బ్యాంకు లెక్కగట్టిన ఖాతాదారులకు పదేళ్లకోసారి కేవైసీ సరిచూస్తారు. గడువు దాటినా వీరి లావాదేవీలు ఆపకుండా ఏడాదిలోగా పని పూర్తి చేయించాలన్నది అదే సవరణలోని మాట. కాబట్టి ఇంటికి ఒక్క ఉత్తరం రాకుండా, మధ్యాహ్నం సందేశం పెట్టి ‘ఈ రోజే ఆపేస్తాం’ అనడం బ్యాంకు తీరు కాదు. ఆలోచించుకునే వ్యవధి లేకుండా చేయడానికే మోసగాళ్లు ఆ మాట వాడతారు. చాలావరకు ఇది బ్యాంకు పనివేళల చివర్లోనో, సెలవుకు ముందో వస్తే మరింత జాగ్రత్త పడాలి.

పంపింది ఎవరు?

తర్వాత చూడాల్సింది సందేశం పైనున్న పేరు. బ్యాంకు పంపేది పది అంకెల సెల్ నంబరు నుంచి రాదు. AX-MYBANK-S తరహాలో కనిపిస్తుంది. మొదటి రెండక్షరాలు టెలికాం సంస్థను, సర్కిల్‌ను సూచిస్తాయి. అవి మారుతూ ఉంటాయి, పట్టించుకోనక్కర్లేదు. మధ్యలోది బ్యాంకు నమోదు చేసుకున్న పేరు. చివరి అక్షరం 2025లో వచ్చి చేరింది. S అంటే సేవకు సంబంధించినది, T అంటే లావాదేవీ, P అంటే ప్రచారం, G అంటే ప్రభుత్వం.

ఇక్కడో మెలిక ఉంది. మామూలు సెల్ నంబరు నుంచి వచ్చిందంటే నకిలీ అని తేల్చేయొచ్చు. సరైన పేరుతో వచ్చినంత మాత్రాన అసలుదని మాత్రం చెప్పలేం. ఇతరులు నమోదు చేసుకున్న పేర్లను మోసగాళ్లు వాడుకున్న సందర్భాలున్నాయి. కాబట్టి పేరు సరిగ్గా ఉన్నా లింకు కూడా చూడాలి.

చుక్కా.. గీతా?

బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను .bank.in చిరునామాకు మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో ఆదేశించింది. అక్టోబరు 31 గడువు పెట్టింది. హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ సంస్థ ద్వారా బ్యాంకులకు మాత్రమే ఈ చిరునామా దక్కుతుంది. వేరెవరూ కొనుక్కోలేరు.

అయితే చదవడం తెలియాలి. కింది మూడింటిలో మొదటిదే సరైన తీరు.

```
https://mybank.bank.in/kyc
https://mybank-bank.in/kyc
https://mybank.bank.in.kyc-today.com/
```

https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగాలి. దానికి సరిగ్గా ముందున్నది .bank.in అయి ఉండాలి. రెండోదాంట్లో bank ముందు చుక్క లేదు, అడ్డగీత ఉంది. అలాంటి పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. మూడోదాంట్లో bank.in మధ్యలో కనిపిస్తున్నా, ముగింపు kyc-today.com. బ్యాంకు పేరు కంటికి ఆనేలా ముందు పెట్టి, అసలు చిరునామాను చివర దాచారన్నమాట.

నాలుగైదు అక్షరాల పొట్టి లింకులో ఇవేవీ కనిపించవు. దాన్ని వదిలేయడమే మేలు. ఇక లింకు నొక్కితే .apk ఫైలు దిగిందంటే ఆలోచించే పనే లేదు. బ్యాంకులు తమ యాప్‌లను సందేశాల్లో పంపవు.

తేల్చేది ఒక్క ఫోన్ కాల్

ఇన్ని చూసినా సందేహం మిగిలితే సందేశాన్ని పక్కన పెట్టాలి. అందులోని నంబరుకు ఫోన్ చేయకూడదు. ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ అని వెదికి దొరికిన నంబరుకూ చేయకూడదు. మోసగాళ్ల నంబర్లు అక్కడ కూడా ఉంటాయి. డెబిట్ కార్డు వెనుక అచ్చువేసిన నంబరుకు చేసి, ‘నా కేవైసీ గడువు ఎప్పుడు?’ అని అడిగితే చాలు.

సరిహద్దు జిల్లాల వారికి మరో మాట. ఖాతా అనంతపురంలోనో, కర్నూలులోనో ఉన్నా కేవైసీ కోసం అక్కడికే పోనక్కర్లేదు. అదే బ్యాంకుకు చెందిన ఏ శాఖలోనైనా ఇవ్వొచ్చు. బళ్లారి శాఖలోనే పని జరుగుతుందని ఆ యజమానికి తెలిసి ఉంటే లింకు జోలికి వెళ్లేవారు కాదు.

నొక్కేశాక..

డబ్బు తీసినట్టు రెండో సందేశం రాగానే కటింగ్ మాస్టరు ఫోన్ లాక్కుని దాని ఇంటర్నెట్ ఆపేశాడు. తన ఫోన్ నుంచి 1930కి చేయించాడు. సైబర్ మోసాలపై దేశమంతటా పనిచేసే నంబరిది. డబ్బు చేతులు మారేలోగా ఫిర్యాదు అందితే, అది చేరిన ఖాతాలోనే నిలిపే వీలుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు చేయొచ్చు.

తర్వాత మాస్టరు ఫోన్ నుంచే బ్యాంకుకు చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించారు. ఆ యాప్ ఉన్న ఫోన్‌లో కొత్త పాస్‌వర్డు కోసం ఓటీపీ తెప్పించుకుంటే అదీ మోసగాడికే చేరుతుంది. అందుకే ముందు యాప్‌ను తీసేసి, ఆ తర్వాతే పాస్‌వర్డు మార్చుకోవాలి.

మిగిలిన డబ్బు దక్కింది. పోయిన రూ.49 వేల కోసం ఆయన ఎదురుచూస్తున్నారు. శనివారం కూలీకి తోటి యూనిట్ వాళ్ల దగ్గర చేబదులు తెచ్చారు. సోమవారం బళ్లారి శాఖకు వెళ్లి తన కేవైసీ సంగతి అడిగారు. గుమాస్తా కంప్యూటర్‌లో చూసి చెప్పిన జవాబు ఇదీ.. ‘మీది అంతా సరిగ్గానే ఉంది. గడువుకు ఇంకా నాలుగేళ్లు ఉంది.’