పరీక్షకు వారం ముందు వేరే పుస్తకం వస్తే ఏం రాయాలి?

కాకినాడ జేఎన్‌టీయూ ఆర్23 రెగ్యులేషన్‌లో బీటెక్ మొదటి ఏడాది రెండో సెమిస్టర్ వాళ్లకు ‘డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాలిక్యులస్’ అనే లెక్కల పేపరు ఉంది. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22లో అదే సెమిస్టర్‌కు ఉన్న పేపరు ‘ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాలిక్యులస్’. పేరులో ముందు ఒక్క మాటే ఎక్కువ. రెండు పుస్తకాలూ లావుగా, గైడు అట్టలతో, ఇంచుమించు ఒకేలా ఉంటాయి. గోడౌన్‌లో ర్యాకు మీదినుంచి తీసి ప్యాక్ చేసే కుర్రాడికి తేడా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒకప్పుడు జేఎన్‌టీయూ అంటే ఒక్కటే. 2008లో అది విడిపోయాక సిలబస్‌లు వేరయ్యాయి, పుస్తకాల పేర్లు మాత్రం అక్కాచెల్లెళ్లలా మిగిలిపోయాయి.

కాకినాడలో చదువుతున్న ఒక అమ్మాయి ఈ పుస్తకాన్ని హైదరాబాద్‌లోని ఒక అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నదనుకుందాం. పార్సిల్ జూన్ 12 సాయంత్రం వచ్చింది. పరీక్ష జూన్ 20న. విప్పి చూస్తే అట్ట మీద ‘జేఎన్‌టీయూహెచ్ ఆర్22’ అని ఉంది. ఇప్పుడు ఆమె అమ్మకందారుకు ఒక మెయిల్ రాయాలి. చాలామంది ఇక్కడే తొందరపడి, ‘అర్జెంట్, నా భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది’ అంటూ మొదలుపెడతారు. అటువైపు ఆ మెయిల్ చదివే గుమస్తాకు భవిష్యత్తు సంగతి అక్కర్లేదు. ఏ ఆర్డరు, ఏ పుస్తకం పోవాలి, ఏ రోజు పంపాలి అన్న మూడింటికీ జవాబు దొరికితే అతను లేచి ర్యాకు దగ్గరికి వెళ్తాడు. దొరక్కపోతే ‘మీ ఆర్డర్ నంబర్ పంపండి’ అని తిరుగు మెయిల్ కొడతాడు, అలా ఒక రోజు పోతుంది.

మెయిల్ రాసే ముందు పొరపాటు ఎక్కడ జరిగిందో చూసుకోవాలి, ఎందుకంటే అడగాల్సింది దాన్నిబట్టే మారుతుంది. పార్సిల్‌లో వచ్చిన బిల్లు తీసి చదవండి. బిల్లు మీద ఆర్23 పుస్తకం పేరే ఉండి లోపల ఆర్22 ఉంటే అది ప్యాకింగ్ పొరపాటు. అంటే సరైన పుస్తకం వాళ్ల దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి మార్చి పంపమని అడగవచ్చు. బిల్లు మీదే ఆర్22 అని ఉండి, మీరు కొన్న పేజీలో ఆర్23 అని చూపించి ఉంటే చిక్కు ఇంకొంచెం లోతుగా ఉన్నట్టు. వాళ్ల కంప్యూటర్‌లో ఒక పుస్తకం పేరుకు వేరే పుస్తకం తగులుకుని ఉంది. అప్పుడు ‘రీప్లేస్‌మెంట్’ నొక్కితే అదే ర్యాకు నుంచి అదే తప్పు పుస్తకం రెండోసారి వస్తుంది. ఇలాంటప్పుడు పంపే ముందు అట్ట ఫొటో అడగాలి, లేదా నేరుగా డబ్బు వాపసు అడిగి వేరేచోట కొనుక్కోవాలి. ఇక మీరు కొన్న పేజీలోనే ఆర్22 అని స్పష్టంగా ఉంటే పొరపాటు మీదే. అప్పుడు అడిగేది హక్కు కాదు, సాయం. మెయిల్ గొంతు కూడా అలాగే ఉండాలి.

పుస్తకం వెనక అట్ట మీద, బార్‌కోడ్ పక్కన ఐఎస్‌బీఎన్ అంకె ఉంటుంది. 2007 నుంచి అది 13 అంకెలది, మన పుస్తకాల మీద సాధారణంగా 978తో మొదలవుతుంది. ఎడిషన్ మారితే అంకె మారుతుంది, పేపర్‌బ్యాక్‌కూ గట్టి అట్టకూ వేర్వేరు అంకెలు ఉంటాయి. కొన్న పేజీలో ఉన్న అంకెనూ చేతికొచ్చిన పుస్తకం అంకెనూ పక్కపక్కన రాస్తే ఇక వాదనకు తావుండదు. లోకల్‌గా అచ్చయ్యే కొన్ని గైడ్లకు ఈ అంకె ఉండదు. వాటికి పబ్లిషర్ పేరు, యూనివర్సిటీ, రెగ్యులేషన్, ఎడిషన్ సంవత్సరం రాస్తే సరిపోతుంది.

మరో లెక్క రోజులది. పరీక్ష జూన్ 20న అయితే పుస్తకం 16కల్లా చేతిలో ఉండాలి, చదవడానికి మూడు రోజులైనా మిగలాలి కదా. మధ్యలో ఆదివారం ఒకటి వస్తుంది. హైదరాబాద్ నుంచి కాకినాడకు మామూలు కొరియర్‌కు రెండు మూడు రోజులు వేసుకుంటే 13న బయల్దేరాలి. కాబట్టి మెయిల్‌లో ‘త్వరగా’ అని కాకుండా ‘13 సాయంత్రంలోగా పంపాలి’ అని రాయాలి. ఎలా పంపాలో కూడా చెప్పడం మంచిది. పుస్తకాల కోసం తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అనే చవక సేవ నడుపుతోంది. అమ్మకందారుకు అది లాభమే, కానీ నేల దారిన వెళ్లే పార్సిల్ కాబట్టి పరీక్ష ముందు దాన్ని నమ్ముకోలేం. స్పీడ్ పోస్ట్ అడగవచ్చు. లేదా ఆర్టీసీ కార్గోలో వేయమనవచ్చు. రాత్రి బస్సు ఎక్కిన పార్సిల్ తెల్లారేసరికి కాకినాడ బస్టాండ్‌కు చేరగలదు, మనమే వెళ్లి తెచ్చుకోవాలి.

ఇదంతా పెట్టుకుని ఆమె రాసే మెయిల్ ఇలా ఉండవచ్చు:

సబ్జెక్ట్: ఆర్డర్ 40718 – ఆర్23 బదులు ఆర్22 పుస్తకం వచ్చింది – జూన్ 20న పరీక్ష

నమస్కారం అండీ,

నేను మీ దగ్గర ‘డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాలిక్యులస్’ (జేఎన్‌టీయూకే, ఆర్23) కొన్నాను. ఆర్డర్ నంబర్ 40718, ధర 260 రూపాయలు. ఈ రోజు, జూన్ 12న, పార్సిల్‌లో ‘ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాలిక్యులస్’ (జేఎన్‌టీయూహెచ్, ఆర్22) వచ్చింది. బిల్లు మీద మాత్రం ఆర్23 అనే ఉంది. బిల్లు, పార్సిల్ లేబుల్, పుస్తకం ముందు వెనక అట్టల ఫొటోలు జత చేశాను.

నా పరీక్ష జూన్ 20న. సరైన పుస్తకం మీ దగ్గర ఉంటే రేపు సాయంత్రంలోగా స్పీడ్ పోస్ట్‌లో గానీ ఆర్టీసీ కార్గోలో గానీ పంపగలరా? ప్యాక్ చేసే ముందు అట్ట ఫొటో ఒకటి పంపితే మళ్లీ పొరపాటు జరగదు. వచ్చిన పుస్తకం మీద ఏమీ రాయలేదు. మీ మనిషి ఎప్పుడు వచ్చినా ఇచ్చేస్తాను, అది మీకు చేరేదాకా ఆగకుండా కొత్తది పంపమని మనవి.

రేపు పంపడం కుదరకపోతే మధ్యాహ్నం 12లోగా చెప్పండి. ఇక్కడే కొనుక్కుంటాను, 260 రూపాయలు వాపసు చేస్తే చాలు.

కింద పేరు, ఫోన్ నంబరు, పిన్‌కోడ్‌తో చిరునామా. అంతే.

ఇందులో అన్నిటికంటే పనిచేసే వాక్యం చివరిది. అమ్మకందారుకు అది రెండు దారులు చూపిస్తుంది, రెండూ అతనికి తేలికైనవే. పుస్తకం లేకపోతే ‘లేదు’ అని వెంటనే చెప్పడానికి అతనికి మొహమాటం ఉండదు. మనకు కూడా మధ్యాహ్నానికల్లా తేలిపోతుంది. ‘స్టాక్ చూసి చెప్తాం’ అనే మాట మీద మూడు రోజులు కూర్చోవడం కన్నా ‘లేదు’ అన్న జవాబే నయం.

‘చేరేదాకా ఆగకుండా’ అన్న మాట కూడా ఊరికే పెట్టింది కాదు. చాలాచోట్ల పాత పుస్తకాన్ని డెలివరీ మనిషి పట్టుకెళ్లి స్కాన్ చేశాకగానీ కొత్తది బయల్దేరదు. పరీక్ష ముందు ఆ వరస పాటిస్తే కథ ముగిసినట్టే. అమ్మకందారు దానికి ఒప్పుకోకపోతే ఇంకో పద్ధతి ఉంది. సరైన పుస్తకాన్ని వేరే ఆర్డరుగా వేగంగా తెప్పించుకుని, మొదటిదానికి డబ్బు వాపసు తీసుకోవడం. కొన్నాళ్లు రెండు పుస్తకాల డబ్బు ఇరుక్కుంటుంది, అంతకుమించి నష్టం లేదు.

పెద్ద ఆన్‌లైన్ సైటు ద్వారా కొన్నవాళ్లు మెయిల్ కన్నా ముందు యాప్‌లో రిటర్న్ నొక్కాలి. రిటర్న్ గడువు ఆ బటన్‌తోనే ముడిపడి ఉంటుంది. అమ్మకందారుకు ఎన్ని మెయిళ్లు రాసినా గడువు దాటాక బటన్ మాయమైతే కష్టం.

ఈలోగా తప్పు పుస్తకాన్ని పక్కన పడేయనక్కర్లేదు. ఈ రెండు పేపర్లలో మొదటి రెండు యూనిట్లూ సాధారణ డిఫరెన్షియల్ ఈక్వేషన్లే, చివరి రెండూ వెక్టర్ కాలిక్యులసే. తేడా ప్రధానంగా మూడో యూనిట్‌లో ఉంది. కాకినాడ వాళ్లకు అక్కడ పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, హైదరాబాద్ వాళ్లకు లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్. కాబట్టి సిలబస్ కాగితం పక్కన పెట్టుకుని మిగతా నాలుగు యూనిట్లలో కలిసే అంశాలను ఇప్పుడే చదువుకోవచ్చు, మూడో యూనిట్‌కు స్నేహితురాలి నోట్సు జిరాక్స్ తీయించుకోవచ్చు. పెన్సిల్ గీత కూడా పడకుండా చూసుకోవాలి, పేరు రాయకూడదు, అట్ట వేయకూడదు. వాడిన గుర్తులు కనిపిస్తే వాపసు తీసుకోవడానికి పేచీ పెడతారు.

చట్టం సంగతి మొదటి మెయిల్‌లో ఎత్తకపోవడమే మంచిది. కన్స్యూమర్ కోర్టు అన్న మాట కనిపించగానే గుమస్తా ఆ మెయిల్‌ను పైవాళ్లకు పంపేసి చేతులు దులుపుకుంటాడు, పుస్తకం ర్యాకులోనే ఉంటుంది. జవాబు రాకపోతే రెండో మెయిల్‌లో, అదే మెయిల్‌కు కొనసాగింపుగా రాయవచ్చు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం సైటులో అమ్మే వ్యాపారి, చూపించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోననడానికీ డబ్బు తిరిగి ఇవ్వననడానికీ వీల్లేదు. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ నెల లెక్క చూస్తేనే తెలుస్తుంది, ఈ నియమాలు మన 260 రూపాయలను కాపాడతాయి గానీ జూన్ 20 పరీక్షను కాదు.

అందుకే 13 మధ్యాహ్నానికి జవాబు రాకపోతే కాకినాడలోనే కొట్లు తిరిగి పుస్తకం కొనుక్కోవాలి, లేదా కాలేజీ లైబ్రరీలో అడగాలి. డబ్బు గొడవ పరీక్షలయ్యాక చూసుకోవచ్చు, రిటర్న్ మాత్రం గడువులోగా నమోదై ఉండాలి. అప్పటికీ ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. జిల్లా కమిషన్ దాకా వెళ్లాల్సివచ్చినా, 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫిర్యాదు ఫీజు లేదు.