"స్టార్టర్స్ ఏమైనా సార్?" అని అడిగితే "వద్దు" అనే ఎందుకంటారు?

కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా ఫ్యామిలీ రెస్టారెంట్‌లో కూర్చున్న రెండు నిమిషాలకే ఈ మాట వినిపిస్తుంది: "సార్, స్టార్టర్స్ ఏమైనా?" జవాబు కూడా చాలాసార్లు ఒకటే: "వద్దు, బిర్యానీ తెచ్చెయ్." సర్వర్ తలూపి కిచెన్ వైపు పోతాడు. కౌంటర్‌లో కూర్చున్న ఓనర్ మాత్రం రోజూ అదే చెప్తుంటాడు: ఒక్క బిర్యానీతోనే టేబుల్ లేపేస్తే ఎట్ల, స్టార్టర్లు, డ్రింకులు, స్వీట్లు కూడా పోవాలె కదా అని.

దాంతో కొందరు కుర్రాళ్లు గట్టిగా పట్టుబట్టడం మొదలుపెడతారు. వద్దన్నా రెండోసారి, మూడోసారి అడుగుతారు. అడగకుండానే వాటర్ బాటిల్ సీల్ తీసేస్తారు. ఆ రోజు బిల్లు నూరు రూపాయలు పెరుగుతుంది గానీ, ఆ కుటుంబం మళ్లీ వచ్చినప్పుడు పక్క హోటల్‌కు పోతుంది. చిన్న ఊళ్లలో హోటల్ నడిచేది మళ్లీ మళ్లీ వచ్చే వాళ్ల మీదే కాబట్టి, ఈ నష్టం చిన్నది కాదు.

హోటల్ మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఈ పనిని సజెస్టివ్ సెల్లింగ్ అంటారు. అంటే అమ్మడం కంటే ముందు సలహా ఇవ్వడం. కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో మొదలుపెట్టిన 'హునర్ సే రోజ్‌గార్ తక్' లాంటి స్వల్పకాలిక శిక్షణల్లో వంటతో పాటు వడ్డన పనిని కూడా వేరే కోర్సుగా నేర్పించారు. అయితే మన దగ్గర చాలామంది సర్వర్లు పనిలో చేరాకే, పక్కవాణ్ని చూసి నేర్చుకుంటారు. అందుకే పద్ధతి ఏమిటో విడిగా తెలుసుకోవాలి.

ప్రశ్నలోనే ఉంది తప్పు

"స్టార్టర్స్ ఏమైనా?" అన్న ప్రశ్నకు "వద్దు" అనడం చాలా సులువు. అడిగినవాడు ఏ వంటకం పేరూ చెప్పలేదు. వినేవాడి కళ్ల ముందు ఏ ప్లేటూ కనపడలేదు. కనపడింది ఒక్క ఖర్చే. "ఇంకేం కావాలి సార్?" అన్నా అంతే.

శిక్షణలో మొదట మార్చేది ఈ వాక్యాన్నే. ఒకటి లేదా రెండు వంటకాల పేర్లు చెప్పాలి, ఒక్క ముక్కలో అవి ఎట్ల ఉంటాయో చెప్పాలి, అక్కడ ఆగాలి. "సార్, చికెన్ మెజెస్టిక్ ఉన్నది, ఎక్కువ కారం ఉండది, పిల్లలు కూడా తింటరు." ఇంతే. మూడో పేరు చెప్పొద్దు. అయిదారు పేర్లు గడగడా చదివితే అది మెనూ అప్పజెప్పినట్టు ఉంటుంది తప్ప సలహాలా ఉండదు.

ఈ ఒక్క ముక్క నిజం కావాలంటే సర్వర్ ఆ వంటకం రుచి చూసి ఉండాలి. అందుకే పద్ధతిగా నడిచే హోటళ్లలో మధ్యాహ్నం రష్ మొదలయ్యే ముందు పది పదిహేను నిమిషాలు అందరినీ నిలబెట్టి మాట్లాడతారు. ఈ రోజు ఏం బాగా వచ్చింది, ఏది అయిపోయింది, ఏది ఆలస్యమవుతుంది అనేది వంట మాస్టర్ చెప్తాడు. అప్పుడప్పుడు ఒక ప్లేట్ తెచ్చి తలా ఒక ముక్క రుచి చూపిస్తారు. తినని వంటకం గురించి "సూపర్ ఉంటది సార్" అనేవాడి గొంతు కస్టమర్‌కు వెంటనే తెలిసిపోతుంది.

కాలాన్ని బట్టి కూడా మాట మారుతుంది. మే నెలలో కరీంనగర్ ఎండలో 44, 45 డిగ్రీలకు మాడి లోపలికి వచ్చినవాడికి ముందుగా చెప్పాల్సింది స్టార్టర్ కాదు, చల్లటి మజ్జిగో ఫ్రెష్ లైమ్ సోడానో. డిసెంబర్, జనవరి నెలల్లో ఆదిలాబాద్‌లో చలి పది డిగ్రీల కిందికి దిగినప్పుడు అదే చోట వేడి సూప్ పేరు చెప్పాలి. ఆదిలాబాద్ సర్వర్‌కు ఇంకో పని కూడా ఉంది. అక్కడి టేబుళ్ల మీద తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. కస్టమర్ ఏ భాషలో మాట్లాడితే ఆ భాషలో రెండు మాటలు చెప్పగలిగితే సలహా నమ్మకంగా అనిపిస్తుంది.

బిర్యానీ ముందొచ్చి స్టార్టర్ వెనకొస్తే

మన ఊళ్ల హోటళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. దమ్ బిర్యానీ హండీలో సిద్ధంగా ఉంటుంది. ఆర్డర్ వెళ్లిన మూడు నాలుగు నిమిషాల్లో ప్లేట్ టేబుల్ మీదకు వస్తుంది. చికెన్ 65, అపోలో ఫిష్ లాంటివి మాత్రం అప్పటికప్పుడు వేయించాలి. రష్‌లో పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది.

సర్వర్ రెండూ ఒకే కేఓటీ మీద రాసి కిచెన్‌కు పంపితే ఏమవుతుంది? బిర్యానీ ముందు వచ్చేస్తుంది. సగం తిన్నాక స్టార్టర్ వస్తుంది. అప్పటికి కడుపు నిండిపోతుంది. "ఇప్పుడెందుకయ్యా ఇది, క్యాన్సిల్ చెయ్" అంటారు. ప్లేట్ వాపసు పోతుంది, లేదా పార్శిల్ అవుతుంది. ఆ కస్టమర్ ఇంకెప్పుడూ ఆ హోటల్‌లో స్టార్టర్ చెప్పడు.

అందుకని స్టార్టర్ కేఓటీ ముందు పంపాలి. బిర్యానీ ఆర్డర్ రాసుకోవాలి గానీ ఆపాలి. స్టార్టర్ ప్లేట్ దాదాపు ఖాళీ అవుతున్నప్పుడు బిర్యానీకి చెప్పాలి. టేబుల్ దగ్గర కూడా ఆ మాట దాచొద్దు: "సార్, ఇది పది పదిహేను నిమిషాలు పడ్తది, అది తిన్నంక బిర్యానీ వేడిగ తెస్త." తొందరలో ఉన్నవాళ్లకు మాత్రం వేయించే స్టార్టర్ పేరే ఎత్తొద్దు. నాగ్‌పూర్ నుంచి హైదరాబాద్ పోతూ 44వ నంబర్ హైవే మీద ఆదిలాబాద్‌లో ఆగినవాళ్లు అరగంటలో లేచిపోవాలనుకుంటారు. వాళ్లకు సిద్ధంగా ఉన్న లస్సీయో, గ్లాసులో తీసి పెట్టిన ఖుబానీ కా మీఠానో చెప్తే సరిపోతుంది.

తక్కువ చెప్పి ఎక్కువ అమ్మడం

ఒక ఉదాహరణ చూద్దాం. ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. ఒక టేబుల్ దగ్గర భార్యాభర్తలు, పెద్దావిడ ఒకరు, ఇద్దరు చిన్న పిల్లలు కూర్చున్నారు. భర్త నాలుగు చికెన్ బిర్యానీలు చెప్పాడు. ఒక్కోటి 260 రూపాయలు. మొత్తం 1,040. దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపితే 1,092.

ఆ హోటల్‌లో ప్లేట్ పెద్దదని సర్వర్‌కు తెలుసు. అతను ఇట్ల అన్నాడు: "సార్, పిల్లలు చిన్నోళ్లు కదా, మూడు చాలు. కావాలంటే మళ్ల చెప్దురు. దాని బదులు ఒక చికెన్ మెజెస్టిక్ తీసుకోండ్రి, అందరికీ తలా రెండు ముక్కలు వస్తయి." భర్త ఒక్క క్షణం ఆలోచించి సరే అన్నాడు. లైమ్ సోడా గురించి చెప్తే "వద్దు, మంచినీళ్లు చాలు" అన్నాడు. సర్వర్ "సరే సార్" అని జగ్గు నింపి తెచ్చాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తిన్నాక ప్లేట్లు తీసేసి, టేబుల్ తుడిచి, బిల్లు తేకముందు పెద్దావిడ వైపు చూసి అన్నాడు: "అమ్మా, ఖుబానీ కా మీఠా ఈ రోజే చేసిండ్రు. రెండు తెస్తే అయిదుగురికి సరిపోతది." రెండు తెప్పించుకున్నారు.

ఇప్పుడు లెక్క. బిర్యానీలు మూడు, 780. మెజెస్టిక్ ఒకటి, 280. మీఠాలు రెండు, 180. మొత్తం 1,240. జీఎస్టీతో 1,302. మొదటి ఆర్డర్ కంటే 210 రూపాయలు ఎక్కువ. అయినా టేబుల్ మీద మిగిలింది ఏమీ లేదు. ఆ కుటుంబానికి గుర్తుండేది పెరిగిన 210 కాదు, "నాలుగు వద్దు, మూడు చాలు" అన్న మాట. మీఠా మాట నమ్మింది కూడా అందుకే. తమ డబ్బు మిగిల్చినవాడు చెప్తున్నాడు కదా అని.

అదే టేబుల్ దగ్గర నాలుగు బిర్యానీలు, రెండు స్టార్టర్లు, అయిదు స్వీట్లు ఎక్కించేవాడూ ఉంటాడు. బిల్లు రెండు వేలు దాటుతుంది. సగం పార్శిల్ డబ్బాల్లో ఇంటికి పోతుంది. ఆ కవర్ చూసినప్పుడల్లా వాళ్లకు మోసపోయినట్టే అనిపిస్తుంది.

మొదటి "వద్దు" దగ్గరే ఆగాలి

మన దగ్గర ఇంకో సున్నితమైన విషయం ఉంది. చుట్టాలను భోజనానికి తీసుకొచ్చినవాడు వాళ్ల ముందు "వద్దు" అనలేడు. సర్వర్ అందరూ వినేలా అన్నిటికంటే ఖరీదైన ఫిష్ పేరు ముందు చెప్తే అతను ఇరుకున పడతాడు. ఒప్పుకుంటాడు, లోపల తిట్టుకుంటాడు. అందుకే సలహా చెప్పేటప్పుడు మెనూ ఎవరి చేతిలో ఉందో, ఆర్డర్ ఎవరు ఇస్తున్నారో వాళ్ల వైపే తిరిగి, మామూలు గొంతుతో, మధ్య ధర ఉన్నదాని నుంచి మొదలుపెట్టాలి. మెనూలో లేని స్పెషల్ చెప్తే ధర కూడా ఆ మాటలోనే చెప్పాలి. బిల్లులో తెలిస్తే గొడవే.

మెనూ మూసేసి పక్కన పెట్టారంటే, "చాలు" అన్నారంటే, జవాబివ్వకుండా ఫోన్ చూస్తున్నారంటే ఆ సంగతి అయిపోయింది. స్టార్టర్ వద్దన్నవాళ్లకు చివర్లో స్వీట్ ఒక్కసారి చెప్పొచ్చు, కానీ స్టార్టర్ మాట మళ్లీ తీయొద్దు.

అడగకుండా కలిపేది ఏదైనా సలహా కిందికి రాదు. వాటర్ బాటిల్‌కూ ఇదే వర్తిస్తుంది: "బాటిలా, జగ్గు నీళ్లా?" అని అడిగాకే సీల్ తీయాలి. సర్వీస్ ఛార్జీ విషయంలో చట్టమే ఈ గీత గీసింది. హోటళ్లు బిల్లులో దాన్ని తమంతట తాము కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కస్టమర్ తనంతట తాను ఇచ్చే టిప్పుకు మాత్రం అడ్డు లేదు.

ఓనర్ ఏం లెక్క చూడాలి?

చాలామంది ఓనర్లు రోజు కలెక్షన్ ఒక్కటే చూస్తారు. దాంతో ఎక్కువ ఎక్కించే కుర్రాడే మంచి సర్వర్‌లా కనిపిస్తాడు. పది టేబుళ్లలో ఎన్ని స్టార్టర్ తీసుకున్నాయి, ఎన్ని చివర్లో స్వీట్ తీసుకున్నాయి అని కేఓటీల నుంచి వారానికోసారి లెక్క తీయొచ్చు. దాని పక్కనే ఇంకో లెక్క ఉండాలి: ఏ సర్వర్ టేబుళ్ల నుంచి తిండి ఎక్కువ వాపసు వస్తోంది, క్యాన్సిల్ అయిన ఆర్డర్లు ఎవరివి. స్టార్టర్లు పెరిగి, వాపసు ప్లేట్లు పెరగకపోతే శిక్షణ పనిచేస్తున్నట్టు. రెండూ కలిసి పెరిగితే ఆ కుర్రాడు అడగడం లేదు, ఒత్తిడి పెడుతున్నాడు.

అమ్మిన ప్రతి ప్లేట్‌కు ఇంత అని ఇన్సెంటివ్ పెట్టే హోటళ్లలో ఈ రెండో లెక్క ఇంకా అవసరం. పది రూపాయల కోసం కుర్రాడు నాలుగోసారి అడిగితే తప్పు వాడిది ఒక్కడిదే కాదు. ఆ పది రూపాయలు దేనికి ఇస్తున్నారో ముందే తేల్చుకోని ఓనర్‌ది కూడా.