పొద్దున్నే చూడాల్సిన లెక్క

మంగళగిరిలో చేనేత చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉందనుకుందాం. రోజుకు 20 ఆర్డర్లు వస్తాయి. ప్యాకింగ్ చేసేదీ, పంపేదీ వాళ్లే. అమెజాన్‌లో ఇలా సొంతంగా సరుకు పంపేవాళ్ల ఆలస్యాలు 4 శాతం లోపే ఉండాలి. ఆ లెక్క గత 10 రోజులకు ఒకటి, గత 30 రోజులకు ఒకటి కడతారు. చీర చెప్పిన రోజుకే ఇంటికి చేరినా సరే, డిస్పాచ్ గడువు దాటాక పంపినట్టు నమోదైతే అది ఆలస్యం కిందే లెక్క.

ఒకరోజు ప్యాకింగ్ మనిషి రాలేదు. ఆనాటి 20 చీరలూ గడువు దాటి మర్నాడు వెళ్లాయి. నెల మొత్తానికి 600 ఆర్డర్లు కాబట్టి అది 3.3 శాతం, ఫరవాలేదు. 10 రోజులకు ఉన్నవి 200 ఆర్డర్లే. అక్కడ అవే 20 చీరలు 10 శాతమయ్యాయి. ఇక రోజూ వేళకు పంపినా, ఆ రోజు లెక్కలోంచి బయటికి పోయేదాకా ఈ శాతం దిగదు.

అందుకే శాతం ఒక్కటే చూస్తే చాలదు. రోజూ ఉదయం ఏడింటికి దానంతటదే నడిచే చిన్న ప్రోగ్రామ్ పెట్టుకుంటే, అది ముందురోజు అంకెలను తెచ్చి దాచి, ఫోన్‌కు ఒక సందేశం పంపుతుంది. ఆ సందేశంలో మొదట ఉండాల్సింది ఈ రోజే గడువు తీరే ఆర్డర్ల జాబితా. శాతం జరిగిపోయినదాన్ని చెబుతుంది. జాబితా చేతిలో ఉంటే సాయంత్రం పికప్ బండి వచ్చేలోపు పని చక్కబెట్టుకోవచ్చు.

రిటర్నుల లెక్కలో మోసపోయే చోటు వేరే ఉంది. దసరా నెలలో 900 చీరలు పోయాయి, తర్వాతి నెల 300. దసరాకు పోయినవాటిలో 90 ఆ తర్వాతి నెలలో తిరిగొచ్చాయి. ఈ నెల రిటర్నులను ఈ నెల ఆర్డర్లతో భాగిస్తే 30 శాతం వస్తుంది, గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి అది 10 శాతమే. వెనక్కొచ్చిన ప్రతి చీరనూ ఆర్డర్ నంబరు పట్టుకుని అది అమ్ముడైన నెలలోకే చేర్చాలి. తిప్పి పంపే గడువు ఇంకా ముగియని ఆర్డర్లను అసలు లెక్కలోకే తీసుకోకూడదు. తర్వాత చీరల వారీగా విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. సగానికి పైగా ఒకే రంగు చీరవైతే, తప్పు నేతలో ఉందో ఫొటోలో ఉందో ఆ చీరను వెలుతురులో పెట్టి చూసుకోవాలి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. రిపోర్టు రాని రోజున ఖాళీ గడిని ప్రోగ్రామ్ సున్నాగా చదివి ‘ఆలస్యాలు లేవు’ అనేస్తుంది. అంకె అందకపోతే ‘అందలేదు’ అనే రాయాలి. అంతా బాగున్న రోజున కూడా సందేశం రావాలి. ఏడున్నరకీ రాలేదంటే ప్రోగ్రామే ఆగిపోయిందని తెలుసుకుని, ఆ పూట సెల్లర్ పేజీ తెరిచి కళ్లతోనే చూసుకోవాలి.