పాతికేళ్ల ఎండకు ఈరోజు ధరెంత?

ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ప్లాంటు పెడితే కరెంటు బిల్లులో ఏడాదికి 24 వేల రూపాయలు మిగులుతాయనుకుందాం. ప్యానెళ్లు 25 ఏళ్లు పనిచేస్తాయి. అమ్మడానికి వచ్చినవాళ్లు ఈ రెండింటినీ హెచ్చవేసి 6 లక్షలు ఆదా అంటారు. హెచ్చవేత సరైనదే. కాకపోతే ఇరవయ్యో ఏట చేతికొచ్చే రూపాయికీ, ఈరోజు చేతిలో ఉన్న రూపాయికీ ఒకటే విలువ కట్టేశారు.

డబ్బు బ్యాంకులో వేసుకుంటే 8 శాతం వడ్డీ వస్తుందని, అది ఎప్పటికప్పుడు అసలులో కలుస్తుందని అనుకుంటే, పదేళ్లకు రూపాయి కావాలంటే ఈరోజు 45 పైసలు వేస్తే చాలు. అంటే అప్పటి రూపాయికి నేటి విలువ 45 పైసలే. ఇక ప్లాంటు సంపాదన ఏడాది చివర ఒక్కసారిగా రాదు. ఎండ కాసినంతసేపూ వస్తూనే ఉంటుంది, రోజుకు దాదాపు 66 రూపాయలు. పదేళ్ల తర్వాతి ఒక రోజు 66 రూపాయలు నేటి లెక్కలో దాదాపు 30 రూపాయలు.

ఇలా 25 ఏళ్లలోని ప్రతి రోజునూ దాని దూరాన్ని బట్టి తగ్గించి, అన్నీ కూడాలి. రోజుల్ని గంటలుగా, గంటల్ని క్షణాలుగా ముక్కలు చేసుకుంటూ పోతే ఆ కూడికే సమాకలనం అవుతుంది. తొమ్మిది వేల పైచిలుకు కూడికలు ఒక్క వరుసలో తేలిపోతాయి:

PV = ∫₀²⁵ 24000·e^(−0.08t) dt = (24000/0.08)·(1 − e^(−2))

జవాబు సుమారు 2 లక్షల 59 వేలు. ఆరు లక్షల్లో సగం కూడా లేదు! అందులోనూ 1 లక్షా 65 వేలు మొదటి పదేళ్లవే. చివరి పదేళ్ల వాటా 50 వేలకు మించదు.

ప్యానెళ్ల ఉత్పత్తి ఏటా కొద్దిగా పడిపోతుంది. అది 0.7 శాతం అనుకుంటే 0.08 బదులు 0.087 వేస్తే సరిపోతుంది. విలువ 2 లక్షల 45 వేలకు దిగుతుంది. కరెంటు ధర ఏటా పెరుగుతుందనుకుంటే అదే చోట ఆ శాతం తీసేయాలి. పన్నెండో ఏట ఇన్వర్టర్ మార్చడానికి 40 వేలు పట్టినా అది ఒక్కసారి ఖర్చు. దాన్ని సమాకలనంలో కలపకూడదు. విడిగా నేటి విలువకు తెచ్చి, 15 వేల చిల్లర తీసేయాలి.

ఎక్కువమంది తప్పేది వడ్డీ రేటు దగ్గర. బ్యాంకు ఏడాదికోసారి కలిపే 8 శాతాన్ని నేరుగా సూత్రంలో పెట్టకూడదు. నిరంతర లెక్కలో అది ln 1.08, అంటే 7.7 శాతం. ఈ తేడా చిన్నదే. అసలు రేటే మారితే మాత్రం ఫలితం తలకిందులవుతుంది: 12 శాతం అప్పు తెచ్చి పెట్టినవారికి మొదటి 2 లక్షల 59 వేలు 1 లక్షా 90 వేలే.

ప్లాంటుకు 2 లక్షలు అయి, పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78 వేలు పోగా 1 లక్షా 22 వేలు పెట్టారనుకుందాం. మామూలు లెక్కలో ఆ డబ్బు ఐదేళ్లకు తిరిగొస్తుంది. 8 శాతం లెక్కలో ఆరున్నరేళ్లు పడుతుంది. అయినా పెట్టదగిన పెట్టుబడే. కాకపోతే కొటేషన్‌లో ‘పాతికేళ్ల ఆదా’ కనిపిస్తే, అది ఏ వడ్డీ రేటు మీద తేల్చిన అంకెో అడిగాకే సంతకం పెట్టండి.